పని పదిమందిది, జవాబు ఒకరిది

ఈ సభలో ఉపాధ్యాయులున్నారు, ఆరోగ్య శాఖ ఉద్యోగులున్నారు, సొంతంగా వ్యాపారం నడిపేవారున్నారు, చదువుకుంటున్న పిల్లలున్నారు. పదిమందితో కలిసి ఏదో ఒక పని చేయని వారు ఇక్కడ ఎవరూ ఉండరు. అలాంటి పని చెడినప్పుడు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: 'నా పని నేను చేశాను.' ఆ మాట చాలాసార్లు నిజమే. ఎవరి పని వారు చేసినా మొత్తం పని చెడిపోగలదు. ఎందుకలా జరుగుతుందన్నదే ఈ రోజు నా ప్రశ్న. బాధ్యత వేరు, జవాబుదారీతనం వేరు. బాధ్యతను ఎంతమందికైనా పంచవచ్చు, జవాబుదారీతనాన్ని పంచకూడదు. అది ఒక్కరి దగ్గరే ఉండాలి, ఆ ఒక్కరి చేతిలో దానికి తగిన అధికారం ఉండాలి. నా వాదన ఇంతే. దీన్ని నిరూపించడానికి కంపెనీల కథల జోలికి పోను. మన ఊరి టీకా కేంద్రం దాకా వచ్చిన ఒక కొత్త వస్తువునే తీసుకుంటాను. దాని పేరు రోటావ్యాక్.

రోటా వైరస్ పసిపిల్లలకు తీవ్రమైన విరేచనాలు తెస్తుంది. టీకా రాకముందు మన దేశంలో ఏటా సుమారు 78 వేలమంది పిల్లలు దీనివల్ల చనిపోతున్నారని అంచనా. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్, ఆయన సహచరులు అప్పుడే పుట్టిన శిశువుల్లో ఒక బలహీనమైన రోటా వైరస్‌ను గుర్తించారు. 116ఈ అని పిలిచే ఆ రకం నుంచే హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ టీకా తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, అమెరికా పరిశోధన సంస్థలు, పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, గేట్స్ ఫౌండేషన్ ఇందులో చేతులు కలిపాయి. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై మూడో దశ పరీక్ష జరిగింది. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలను ఇది 56 శాతం తగ్గిస్తుందని తేలింది. 2014లో అనుమతి వచ్చింది, 2015 మార్చి 9న టీకాను విడుదల చేశారు. 2016 మార్చి 26న భువనేశ్వర్‌లో అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి జె.పి. నడ్డా దీన్ని సార్వత్రిక టీకా కార్యక్రమంలో ప్రారంభించారు. మొదటి విడతకు ఎంచుకున్న రాష్ట్రాలు నాలుగు: ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హరియాణా, హిమాచల్ ప్రదేశ్. ఈ నాలుగింటిలో రెండు మన పాతపట్నం దగ్గరే కలుస్తాయి. ఇక్కడి నుంచి పర్లాకిమిడికి వెళ్లే మనిషికి రాష్ట్రం మారిందన్న సంగతి బోర్డు చదివితేగాని తెలియదు. అందుకే ఈ ఉదాహరణ ఇక్కడ చెప్పడానికి సరిగ్గా సరిపోతుంది.

ఒక కొత్త వస్తువును జనంలోకి తెచ్చేటప్పుడు నిర్వహణ రంగంలో వాడే సాధనం ఒకటుంది. దాన్ని బాధ్యతల పట్టిక అంటారు, ఇంగ్లిషు పొడి అక్షరాలతో రేసీ పట్టిక అని కూడా పిలుస్తారు. పనులను వరుసగా నిలువునా రాసి, ఒక్కో పనికి ఎదురుగా నాలుగు ప్రశ్నలకు జవాబు నింపుతారు. ఈ పనిని చేతులతో చేసేదెవరు? అయిందా లేదా అని అడిగితే జవాబు చెప్పాల్సిందెవరు? పని చేసేముందు ఎవరిని సంప్రదించాలి? చేశాక ఎవరికి తెలియజేయాలి? మొదటి గడిలో ఎన్ని పేర్లయినా ఉండవచ్చు. రెండో గడిలో మాత్రం ఒక్క పేరే ఉండాలి, అది ఖాళీగానూ ఉండకూడదు. పట్టిక బలమంతా ఈ నియమంలోనే ఉంది. జిల్లా స్థాయిలో టీకా ఎలా నడుస్తుందో అందరికీ తెలిసిన క్రమాన్నిబట్టి ఒక పట్టిక వేశాను. ఇది ప్రభుత్వ పత్రం కాదు, వాదన కోసం నేను రాసుకున్నది. ఆరు పనులే తీసుకున్నాను.

| పని | చేసేవారు | జవాబుదారు | సంప్రదించాల్సినవారు | తెలియజేయాల్సినవారు |
|---|---|---|---|---|
| జిల్లా స్టోరు నుంచి పీహెచ్‌సీకి టీకా పంపడం | స్టోర్ కీపర్, వాహన సిబ్బంది | జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి | కోల్డ్ చైన్ టెక్నీషియన్ | పీహెచ్‌సీ వైద్యాధికారి |
| పీహెచ్‌సీలో నిల్వ, ఊళ్లకు పంపకం | కోల్డ్ చైన్ చూసే ఉద్యోగి, టీకా పెట్టె చేరవేసే మనిషి | పీహెచ్‌సీ వైద్యాధికారి | టెక్నీషియన్ | ఏఎన్ఎం |
| సిబ్బందికి శిక్షణ | వైద్యాధికారులు, సూపర్‌వైజర్లు | జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి | రాష్ట్ర టీకా విభాగం | అంగన్‌వాడీ శాఖ |
| కేంద్రంలో బిడ్డకు చుక్కలు వేయడం | ఏఎన్ఎం | పీహెచ్‌సీ వైద్యాధికారి | ఆశా కార్యకర్త | తల్లిదండ్రులు |
| టీకా తర్వాతి ఇబ్బందులను పైకి తెలపడం | ఏఎన్ఎం, వైద్యాధికారి | జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి | పిల్లల వైద్యులు | రాష్ట్ర టీకా విభాగం |
| ఒక్కో బిడ్డకు మూడు మోతాదులూ పూర్తిచేయడం | ఏఎన్ఎం, ఆశా | ? | అంగన్‌వాడీ కార్యకర్త | వైద్యాధికారి |

చివరి వరుసలోని ప్రశ్నార్థకం అచ్చుతప్పు కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మొదటి రెండు వరుసలను చూద్దాం. రోటావ్యాక్ చల్లదనంలో ఉండాల్సిన టీకా. దీర్ఘకాలం నిల్వ చేయాలంటే మైనస్ 20 డిగ్రీలు కావాలి. కింది స్థాయిలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య కొన్ని నెలలు ఉంచవచ్చు. రాష్ట్ర స్టోరు, ప్రాంతీయ స్టోరు, జిల్లా స్టోరు, పీహెచ్‌సీలోని ఐఎల్ఆర్ ఫ్రిజ్, ఐస్ ప్యాకులు పెట్టిన టీకా పెట్టె, చివరికి ఊళ్లోని అంగన్‌వాడీ గది. సీసా ఇన్ని చేతులు మారుతుంది. సీసా మీద వీవీఎం అనే చిన్న గుర్తు ఉంటుంది. గుండ్రటి రంగు మధ్యలో లేత చదరం. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. చదరం రంగు చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోతే ఆ సీసాను వాడకూడదు. ఇది గొప్ప ఏర్పాటు. కానీ ఈ గుర్తు సీసాకు మొత్తంగా ఎంత వేడి తగిలిందో మాత్రమే చెబుతుంది, ఎవరి చేతిలో ఉండగా తగిలిందో చెప్పదు. శనివారం ఊళ్లో పెట్టె తెరిచిన ఏఎన్ఎంకు చదరం ముదిరి కనిపిస్తే, తప్పు ఆ ఉదయం సరిగా సిద్ధం కాని ఐస్ ప్యాకుదా, మొన్న రాత్రి కరెంటు పోయిన ఫ్రిజ్‌దా, పోయిన వారం దారిలో ఆగిన వాహనానిదా?

ఇక్కడ 'అందరిదీ బాధ్యత' అనే మాట ఎవరికీ ఉపయోగపడదు. ఉపయోగపడేది సీసా చేతులు మారే చోట రాసిపెట్టిన ఒక వరుస. స్టాక్ రిజిస్టరులో సీసాల సంఖ్య, బ్యాచ్ నంబరు, గడువు తేదీలతోపాటు తీసుకున్నప్పటి వీవీఎం స్థితిని కూడా నమోదు చేయాలి. ఆ గడిని నిజంగా చూసి నింపితే, సంతకం పడిన క్షణం వరకూ జవాబు జిల్లా అధికారిది, ఆ తర్వాత పీహెచ్‌సీ వైద్యాధికారిది. చూడకుండా అలవాటుగా నింపితే రిజిస్టరు ఉన్నా జవాబుదారు లేనట్టే. అందుకే మొదటి వరుసనూ రెండో వరుసనూ 'టీకా సరఫరా' అని కలిపి ఒకటిగా రాయకూడదు. జవాబుదారు మారే ప్రతిచోటా వరుస తెగాలి. ఈ పట్టిక వేసేవారు సాధారణంగా చేసే పొరపాటు పనులను మరీ పెద్ద ముద్దలుగా రాయడం. ముద్ద పెద్దదైతే ఒక్క పేరు చాలదు, రెండు పేర్లు రాస్తారు. రెండు పేర్లున్న చోట ప్రతివారూ రెండోవారు చూసుకుంటారనుకుంటారు. రెండో గడిలో ఇద్దరి పేర్లు రాయాలనిపించిందంటే ఆ పనిని ఇంకా విడగొట్టాలని అర్థం.

పట్టికను అడ్డంగా చదివితే ఇవి కనిపిస్తాయి. నిలువుగా చదివితే మరొకటి తెలుస్తుంది. మూడో వరుస నుంచి కిందికి రండి. శిక్షణకు కూర్చోవాల్సింది ఏఎన్ఎం. చుక్కలు వేసేది ఆమె. జ్వరమొచ్చినా వాంతులైనా తల్లి ముందు ఫోను చేసేది ఆమెకే. మూడు మోతాదులకూ వెంటపడాల్సింది ఆమె, ఆమెతో ఆశా. 2016 వసంతంలో ఈ భారం మామూలుది కాదు. రోటా మొదలైన నెల తిరిగేసరికి, ఏప్రిల్ 25న, దేశమంతా పాత పోలియో చుక్కల మందును ఆపి కొత్తదానికి మారాలి. పాత సీసాలను వెనక్కి ఇవ్వాలి, ఒక్కటి కూడా ఫ్రిజ్‌లో మిగలకూడదు. పోలియో రెండు చుక్కలు, రోటా ఐదు చుక్కలు. రెండూ నోట్లోనే వేస్తారు, రెండూ ఒకే రోజు వేస్తారు. రోటా సీసా చూడటానికి సూదిమందు సీసాలా ఉంటుంది కానీ దాన్ని సూదితో ఎక్కించకూడదు. పైగా కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఒక నియమం ఉంది. మొదటి పోలియో, మొదటి పెంటావాలెంట్ మోతాదుకు వచ్చిన బిడ్డకే రోటా మొదలుపెట్టాలి. రెండో మోతాదుకు వచ్చిన బిడ్డకు ఇవ్వకూడదు. పక్కింటి బిడ్డకు వేసి తన బిడ్డకు ఎందుకు వేయలేదని అడిగే తల్లికి ఈ నియమాన్ని వివరించాల్సిందీ ఏఎన్ఎమ్మే.

ఇన్ని పనులు ఒక్క మనిషి మీద చేరినప్పుడు, వాటిలో ఏదో ఒకటి జారుతుందని ముందే చెప్పవచ్చు. జారాక ఆమెను నిలదీయడం సులువు. కానీ పట్టికలో ఆమె పేరు ఉన్నది మొదటి గడిలో. రెండో గడిలో ఆమె పేరు ఒక్కచోట కూడా లేదు. ఎందుకంటే శిక్షణకు ఎన్ని రోజులివ్వాలో, పోలియో మార్పుకు రోటా ప్రారంభానికి మధ్య ఎంత ఎడం ఉండాలో, ఖాళీగా ఉన్న ఉపకేంద్రానికి ఎవరిని పంపాలో నిర్ణయించే అధికారం ఆమెకు లేదు. నిర్ణయించలేని మనిషిని జవాబు అడగడం న్యాయం కాదు, దానివల్ల ఫలితమూ ఉండదు. జవాబుదారు ఎవరో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే: ఈ పని ఆగిపోతే దాన్ని తిరిగి కదిలించడానికి మనిషినీ, డబ్బునూ, గడువునూ మార్చగలిగేదెవరు? అది మార్చగలిగిన వారిలో పనికి అందరికంటే దగ్గరున్న వ్యక్తి పేరే రెండో గడిలో రాయాలి. మరీ పైకి పోయి కలెక్టరు పేరు రాస్తే అది మర్యాద అవుతుందే తప్ప జవాబుదారీతనం కాదు. జిల్లాలో ప్రతి పనికీ కలెక్టరే జవాబుదారు అన్నామంటే ఏ పనికీ ఎవరూ కారన్నట్టే.

అధికారం ఒకచోట, జవాబు ఇంకోచోట ఉంటే ఏమవుతుందో చూపే ఉదాహరణ భారత్ బయోటెక్ మరో టీకా విషయంలో నాలుగేళ్ల తర్వాత కనిపించింది. 2020 జులై 2న భారత వైద్య పరిశోధన మండలి అధిపతి 12 సంస్థలకు ఒక లేఖ రాశారు. వాటిలో విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి, హైదరాబాద్ నిమ్స్ ఉన్నాయి. కోవాగ్జిన్ ప్రయోగ పరీక్షలు ముగించి ఆగస్టు 15 నాటికి టీకాను జనానికి అందించాలన్నది ఆ లేఖ ఉద్దేశం. ఆదేశాన్ని పాటించకపోతే తీవ్రంగా పరిగణిస్తామని కూడా అందులో ఉంది. శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. రెండు రోజుల తర్వాత మండలి వివరణ ఇచ్చింది, అనవసరపు జాప్యాన్ని తొలగించడమే తమ ఉద్దేశమని, భద్రతలో రాజీ లేదని చెప్పింది. టీకా చివరికి 2021 జనవరిలో అనుమతి పొంది ఆ నెలలోనే వాడకంలోకి వచ్చింది. మండలి ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. నేను చూపాలనుకున్నది గడుల సంగతి. మనుషులపై ప్రయోగం సురక్షితమేనా అన్నదానికి జవాబుదారు ఆసుపత్రిలోని ప్రధాన పరిశోధకుడు. సంప్రదించడం కాదు, అనుమతి తీసుకోవాల్సిందే అన్న స్థానం అక్కడి నైతిక కమిటీది. గడువు మాత్రం ఈ ఇద్దరిలో ఎవరూ పెట్టింది కాదు. గడువు పెట్టేవారికి ఆలస్యం కనిపిస్తుంది, జవాబు చెప్పేవారికి ప్రమాదం కనిపిస్తుంది. రెండూ ఒకే తలలో తూచుకోకపోతే నిర్ణయం ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతుంది.

ఇప్పుడు ఆ ప్రశ్నార్థకం దగ్గరికి వద్దాం. ఊహించి చెబుతున్నాను, కానీ ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాని పరిస్థితి ఇది. పాతపట్నం ఆడపిల్లను పర్లాకిమిడిలో ఇచ్చారు. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డకు నెలన్నర నిండగానే ఇక్కడి ఏఎన్ఎం మొదటి మోతాదు రోటా వేసింది, తల్లీబిడ్డల కార్డులో రాసింది. మూడో నెలలో బిడ్డను తీసుకుని తల్లి అత్తవారింటికి వెళ్లింది. రెండో మోతాదు రెండున్నర నెలలకు, మూడోది మూడున్నర నెలలకు పడాలి. ఇక్కడి ఆశా జాబితాలో ఆ బిడ్డ పేరు ఎదురుగా 'ఊళ్లో లేరు' అని ఉంటుంది. అక్కడి ఆశా జాబితాలో ఆ బిడ్డ పేరే ఉండదు, ఎందుకంటే బిడ్డ అక్కడ పుట్టలేదు. రెండు వైపులా టీకా ఉంది, ఏఎన్ఎం ఉంది, ఆశా ఉంది, ఫ్రిజ్ చల్లగా ఉంది. కేంద్రానికి వస్తే ఏ ఊరి బిడ్డకైనా టీకా వేస్తారు. ఎవరూ తమ పని మానలేదు. అయినా ఆ బిడ్డకు మూడో మోతాదు పడకపోవచ్చు.

పరీక్షలో తేలిన రక్షణ మూడు మోతాదులూ వేసుకున్న పిల్లలను చూసి లెక్కకట్టింది. ఒక మోతాదుతో ఆగిన బిడ్డకు ఆ అంకెలు హామీ ఇవ్వవు. కాబట్టి టీకా నిజంగా ప్రారంభమైందని చెప్పాల్సింది మొదటి చుక్క పడ్డ రోజున కాదు, మొదటి బిడ్డకు మూడో మోతాదు పడ్డ రోజున. మన పట్టికలో ఫలితం అనదగిన వరుస ఈ ఒక్కటే, మిగతావన్నీ దానికి దారులు. జవాబుదారు గడి సరిగ్గా ఈ వరుసలోనే ఖాళీగా ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. పనులను శాఖలవారీగా, ఊళ్లవారీగా, రాష్ట్రాలవారీగా పంచుకుంటాం. ఫలితం మాత్రం ఆ గీతలు దాటి తిరిగే మనిషిలో ఉంటుంది. గీత ఎక్కడ గీస్తే అక్కడే జవాబు జారిపోతుంది.

దీనికి పరిష్కారం ఉంది, పెద్ద ఖర్చు కూడా లేదు. ఈ వరుసను రెండుగా విడగొట్టాలి. ఆ రోజు కేంద్రానికి వచ్చిన ఏ బిడ్డకైనా వేయాల్సిన మోతాదు వేయడం ఒక వరుస. దీనికి ఆ కేంద్రం పరిధిలోని వైద్యాధికారి జవాబుదారు. మొదలుపెట్టిన మోతాదులను పూర్తిచేయించడం రెండో వరుస. దీనికి మొదటి మోతాదు వేసిన పీహెచ్‌సీ వైద్యాధికారే జవాబుదారు కావాలి, బిడ్డ ఊరు మారినా సరే. అవతలి వైద్యాధికారి 'ఈ బిడ్డ ఇక మా జాబితాలో ఉంది' అని తెలిపేవరకూ ఆ జవాబు ఇవతలే ఉండాలి. వెళ్లిపోయారని రాయడంతో జవాబు దిగిపోకూడదు, అటువైపు అందుకున్నారన్న మాట వచ్చాకే దిగిపోవాలి. ఇందుకోసం ఆయన అవతలి రాష్ట్రం వైద్యాధికారితో నేరుగా మాట్లాడే వీలుండాలి. పాతపట్నం నుంచి శ్రీకాకుళం, అక్కడి నుంచి రాష్ట్ర కార్యాలయం, తిరిగి భువనేశ్వర్ మీదుగా గజపతి జిల్లాకు కాగితం తిరిగితే బిడ్డకు మోతాదు పడాల్సిన సమయం ఎప్పుడో దాటిపోతుంది. సరిహద్దు మండలాల వైద్యాధికారులకు ఈ ఒక్క అధికారం ఇవ్వడం ఇద్దరు కలెక్టర్ల సంతకాలతో అయ్యే పని.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది సాంకేతికమైనది. బిడ్డ టీకాల చరిత్ర అంతా ఇప్పుడు ఆన్‌లైన్ నమోదులో ఉంటోంది, యు-విన్ లాంటి ఏర్పాటుతో దేశంలో ఎక్కడైనా కనిపిస్తుంది, ఇంక ఈ పట్టిక ఎందుకని అడగవచ్చు. నమోదు చాలా అవసరం. కానీ కంప్యూటరు చేయగలిగింది మూడో మోతాదు పడలేదని చూపించడం వరకే. ఆ ఎర్ర గుర్తు చూసి కదలాల్సిన మనిషి ఎవరో కంప్యూటరు తేల్చలేదు. అది ఇద్దరి తెరల మీదా ఒకేసారి కనిపిస్తే మళ్లీ మొదటికే వస్తాం, ఒకరు చూసుకుంటారని ఇంకొకరు ఊరుకుంటారు. వీవీఎం గురించి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది. కొలత జవాబుకు ఆధారం అవుతుంది, జవాబు కాజాలదు.

రెండో అభ్యంతరం బరువైనది. సమష్టి బాధ్యత మంచిది కాదా, ఒక్కరినే నిలబెడితే మిగతావారు చేతులు దులుపుకోరా అని అడుగుతారు. మంత్రివర్గానికి సమష్టి బాధ్యత ఉంటుందన్న రాజ్యాంగ సూత్రాన్ని గుర్తుచేస్తారు. ఆ సూత్రం విధానాలకు చెందినది. నిర్ణయం జరిగాక అందరూ దానికి కట్టుబడాలని అది చెబుతుంది. ఏ శాఖ పనికి ఏ మంత్రి సభలో జవాబివ్వాలో చెప్పే ఏర్పాటు దాని పక్కనే ఉంది. ప్రశ్న వేసిన సభ్యుడికి మంత్రివర్గమంతా లేచి జవాబు చెప్పదు. సమష్టితత్వం, ఒక్కరి జవాబు ఒకదానికొకటి అడ్డురావని మన ప్రజాస్వామ్యమే చూపిస్తోంది. పట్టికలో కూడా మొదటి గడిలో ఉన్నవారి బాధ్యత రెండో గడివల్ల తగ్గదు. సీసా జాగ్రత్తగా పట్టుకోవాల్సిన బాధ్యత చేరవేసే మనిషిదే. రెండో గడిలోని వ్యక్తి చూడాల్సింది ఆ మనిషికి సరైన పెట్టె, సరిపడా ఐస్ ప్యాకులు, సమయానికి బండి ఉన్నాయా అని.

మూడో అభ్యంతరం అన్నిటికంటే న్యాయమైనది. ఒక పేరు రాసిపెడితే అది బలిపశువు పేరవుతుంది, భయంతో ఉద్యోగులు తప్పులను దాచిపెడతారు అంటారు. ఈ భయం ఉత్తది కాదు. రోటా టీకాల చరిత్రే దీనికి సాక్ష్యం. అమెరికాలో 1998లో అనుమతి పొందిన రోటాషీల్డ్ అనే టీకా వల్ల కొందరు శిశువుల్లో పేగు పేగులోకి చొచ్చుకుపోయే ప్రమాదకర పరిస్థితి వచ్చింది. మరుసటి ఏడాదే దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. అది బయటపడింది వైద్యులు తమకు కనిపించిన ఒక్కో కేసునూ దాచకుండా నివేదించడం వల్లనే. నివేదించిన వైద్యుడినే తప్పు నీదే అని పట్టుకుని ఉంటే ఆ నివేదికలు వచ్చేవి కావు. అందుకే మన టీకా వ్యవస్థలో రెండు పనులను వేరుగా ఉంచారు. ఇబ్బందిని తెలపడం ఏఎన్ఎం, వైద్యాధికారి పని, దాన్ని సమయానికి పైకి పంపడానికి జిల్లా అధికారి జవాబుదారు. ఆ ఇబ్బందికి టీకాయే కారణమా, వేసిన తీరు కారణమా, యాదృచ్ఛికమా అని తేల్చేది రాష్ట్ర, జాతీయ స్థాయుల నిపుణుల కమిటీలు. తెలిపేవారు తేల్చరు, తేల్చేవారు టీకా వేసినవారు కారు. మన దేశంలో రోటావ్యాక్ మొదలైనప్పుడు ఆసుపత్రుల్లో ప్రత్యేకంగా నిఘా పెట్టారు. ఆ పేగు సమస్య టీకావల్ల పెరగలేదని 2020లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఆ మాటను ఈ రోజు ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే, నివేదికలు భయం లేకుండా రావడమే అందుకు కారణం.

కాబట్టి భయానికి మందు గడి ఖాళీగా ఉంచడం కాదు. గడి ఖాళీగా ఉన్నచోటే బలిపశువులు పుడతారు. ముందుగా పేరు లేకపోతే, పని చెడాక అందుబాటులో ఉన్న అందరికంటే చిన్న ఉద్యోగి పేరు రాస్తారు. ముందే రాసిన పేరు, దాని పక్కన రాసిన అధికారం, తీర్పు వేరొకరి చేతిలో ఉండటం, ఈ మూడూ కలిస్తే ఆ పట్టిక చిన్న ఉద్యోగికి శిక్ష కాదు, రక్షణ. ఏఎన్ఎం పేరు మొదటి గడిలోనే ఉందని, రెండో గడిలో లేదని కాగితం మీద చూపగలిగినప్పుడు ఆమె తలెత్తుకుని మాట్లాడగలదు.

ఈ పట్టికకు ఉన్న పరిమితిని కూడా ఒప్పుకోవాలి. ఇది స్థిరంగా ఉన్న పనికి బాగా పనిచేస్తుంది, ఊహించని పరిస్థితికి కాదు. వరద వచ్చి రోడ్డు తెగినప్పుడు ఎవరి గడి ఏదని వెతుక్కోరు, చేతిలో ఉన్నవారు చేస్తారు. మనుషులు బదిలీ అయినప్పుడు గడిలో పేరు పాతదిగా మిగిలిపోతే పట్టిక లేనప్పటికంటే ఎక్కువ హాని చేస్తుంది. అందుకే పేరుతోపాటు హోదా రాయాలి, బదిలీ జరిగిన రోజే పేరు మార్చాలి. ముప్పై వరుసలు దాటిన పట్టికను ఎవరూ చదవరు. ఆరో పదో వరుసలు చాలు, కానీ అవి జవాబు చేతులు మారే చోట్లవి కావాలి.

రోటావ్యాక్ కథ మొత్తంమీద మంచి కథే. 2016 నుంచి 2020 మధ్య తొమ్మిది రాష్ట్రాల్లోని 31 ఆసుపత్రుల్లో జరిపిన అధ్యయనం ప్రకారం, మామూలు టీకా కార్యక్రమంలో కూడా ఇది సుమారు 54 శాతం పనిచేసింది. పరీక్షలో వచ్చిన ఫలితానికి క్షేత్రంలో వచ్చింది దగ్గరగా ఉండటం చిన్న విషయం కాదు. ఎన్నో చేతులు తమ పని సరిగా చేశాయని దానర్థం. అయితే సగటు అంకెలో గీత దాటిన బిడ్డ కనిపించదు. సగటు బాగున్నప్పుడే ఖాళీ గడిని మరచిపోవడం సులువు.

ఈ సభలో ఉన్న అధికారులకు, ఉద్యోగ సంఘాల వారికి, సొంత సంస్థలు నడిపేవారికి నా విన్నపం ఒక్కటే. మీరు మొదలుపెట్టబోయే తర్వాతి పనికి ఒక పట్టిక వేయండి. చివరి వరుసలో ఫలితాన్ని రాయండి, చేసే పనిని కాదు. దాని ఎదురుగా ఒక్క పేరు రాయండి. ఆ పేరుగల మనిషిని పిలిచి, ఈ జవాబుకు తగిన అధికారం మీకుందా అని అడగండి. లేదంటే ముందు అధికారం ఇవ్వండి, ఆ తర్వాతే ప్రారంభోత్సవం తేదీ ఖరారు చేయండి.